మీది ఏ బ్రాంచి అండీ?

ఏప్రిల్ వచ్చిందంటే మా షాపులో రెండే రకాల పని. ఒకటి పెళ్లి ఫ్లెక్సీలు, రెండోది "అడ్మిషన్లు జరుగుచున్నవి" ఫ్లెక్సీలు. నరసరావుపేట చుట్టుపక్కల స్కూళ్లకి పద్దెనిమిదేళ్లుగా బోర్డులు, ఐడీ కార్డులు, బెల్టులు, డైరీ అట్టలు చేసిపెడుతున్నాను. ఈ కడుపుమంట ఇవాళ్టిది కాదు. చిన్న స్కూలు పెట్టే ప్రతి కరస్పాండెంటూ ఫోన్లో ఏదో పెద్ద స్కూలు బోర్డు ఫొటో పట్టుకొచ్చి, "ఇలాగే ఉండాలి, కానీ ఇది కాకూడదు" అంటాడు. ఎలా చావాలి?

నాలుగేళ్ల కిందట ఒకాయన వచ్చాడు. పేరున్న ఒక సంస్థ పేరులో ఒక్క అక్షరం మార్చి, అదే రంగులు, అదే వంపు తిరిగిన అక్షరాలు కావాలన్నాడు. వద్దండీ అంటే, "పేరెంట్స్‌కి నమ్మకం రావాలి కదా" అన్నాడు. చేసిచ్చాను, తప్పు నాదే. మూడు నెలలకి ఆయనకి లాయరు నోటీసు వచ్చింది. బోర్డు, రెండు బస్సులు, మూడొందల బెల్టులు, డైరీలు, అన్నీ మార్చుకోవాల్సొచ్చింది. నా రెండో బిల్లు ఇప్పటికీ రాలేదు. ఢిల్లీ పబ్లిక్ స్కూల్ సొసైటీ తన పేరూ, డీపీఎస్ అనే మూడక్షరాలూ కాపాడుకోవడానికి హైకోర్టుకే వెళ్లింది. మన మండలంలో ఎవరు చూస్తార్లే అనుకునే రోజులు పోయాయి. గూగుల్ మ్యాప్‌లో స్కూలు పిన్ పెట్టిన రోజే కనబడిపోతారు.

నోటీసు సంగతి అలా ఉంచండి. అసలు నష్టం అడ్మిషన్ టేబుల్ దగ్గర జరుగుతుంది. పెద్ద సంస్థ వాసన తగిలే పేరు చూసి లోపలికొచ్చిన తండ్రి వేసే మొదటి ప్రశ్న, "మీది ఏ బ్రాంచి అండీ?" కరస్పాండెంటు ఇచ్చే మొదటి జవాబు, "కాదండీ, మాది వేరే." పరిచయమే "కాదు"తో మొదలైందంటే ఆ తర్వాత ఫీజు ఎంతని చెప్పినా ఎక్కువగానే వినిపిస్తుంది. పైగా ఆ పేరు చూసి వచ్చేవాళ్లు ర్యాంకుల కోసం వస్తారు. మూడో తరగతి పిల్లాడికి ఐఐటీ ఫౌండేషన్ ఉందా అని అడుగుతారు. మీ దగ్గర ఉన్నది ఏడుస్తున్న పిల్లాణ్ణి చంకనేసుకునే ఆయా, రోజూ నోటు పుస్తకం దిద్దే టీచరు. వాళ్లడిగేది మీ దగ్గర లేదు, మీ దగ్గరున్నది వాళ్లకక్కర్లేదు.

ఇంకో రకం ఉంది, సెయింటు రకం. ఓనరు ఇంట్లో రోజూ వెంకటేశ్వర స్వామికి దీపం పెడతారు, స్కూలు పేరు మాత్రం సెయింట్ ఫలానా. ఎందుకంటే మన తల్లిదండ్రుల చెవికి "సెయింట్" అంటే సిస్టర్లు, తెల్ల బట్టలు, మూతి మీద వేలు, అంటే క్రమశిక్షణ. మిషనరీ స్కూళ్లు దశాబ్దాలు కష్టపడి తెచ్చుకున్న పేరది. లిటిల్ ఫ్లవర్ అంటే ఏదో ముద్దుగా చిన్న పువ్వనుకుని పెట్టేసేవాళ్లూ ఉన్నారు. అది ఫ్రాన్సులోని లిజ్యూకి చెందిన సెయింట్ తెరేసాని భక్తులు పిలుచుకునే పేరు. పబ్లిక్ అన్న మాట సంగతీ అంతే. ఇంగ్లండులో పబ్లిక్ స్కూలంటే డబ్బున్నవాళ్లు ఫీజు కట్టి చదివించే ప్రైవేటు బడి. మనకి ఆ మాట కూడా గొప్పదనం వాసనతోనే దిగుమతైంది.

తెలుగు మాటలైతే గొడవ లేదా అంటే ఉంది. గురుకులం అంటే మన ఊళ్లలో ప్రభుత్వ హాస్టల్ బడి అనే అర్థం స్థిరపడిపోయింది. శిశుమందిర్ అనగానే ఒక సంస్థ గుర్తొస్తుంది. అమ్మ ఒడి చల్లని మాటే, కానీ ఆ పేరుతో ప్రభుత్వ పథకం వచ్చాక అది వినగానే బ్యాంకు ఖాతా గుర్తొస్తుంది. బడి అన్న మాట నాకు ప్రాణం, కానీ ఇంగ్లిష్ మీడియానికి ఫీజు కట్టే తల్లి "బడి" అంటే గవర్నమెంటుదనుకుంటుంది. విద్య, జ్ఞాన, అక్షర, ప్రగతి అరిగిపోయిన నాణేలు. వాటిని మీ ఒక్కరి సొత్తు చేసుకోవడమూ కష్టమే, పక్క వీధిలో ఇంకొకరు పెట్టుకుంటే ఆపడమూ కష్టమే.

ఈ ఏడాది ఫిబ్రవరిలో ఒక టీచరమ్మ వచ్చింది. ఇరవై రెండేళ్లు వేరే స్కూళ్లలో చేసి, సొంతింటి కింది భాగంలో ఎల్‌కేజీ నుంచి ఐదో తరగతి దాకా పెడుతోంది. నాకంటే పెద్దది, అక్కా అంటాను. కాగితం మీద పద్నాలుగు పేర్లు రాసుకొచ్చింది. "తమ్ముడూ, స్ట్రిక్టుగానూ వినిపించాలి, పిల్లలు భయపడనూ కూడదు" అంది. నాకు నచ్చిన గిరాకీ అదీ.

నా దగ్గర ఒక పరీక్ష ఉంది. పేరు చివర "లో" తగిలించి, బస్టాండులో బంధువు అడిగితే తండ్రి చెప్పినట్టు చెప్పాలి: "మావాడు ఫలానాలో చదువుతున్నాడు." చిన్నదే, కానీ సగం పేర్లు అక్కడే పడిపోతాయి. ఆమె జాబితాలో "శిక్షణ" ఉంది. మావాడు శిక్షణలో ఉన్నాడు అంటే కానిస్టేబులు ఉద్యోగం వచ్చిందనుకుంటారు. పెరట్లో పెద్ద వేపచెట్టుంది కాబట్టి "వేపచెట్టు" అని రాసుకుంది. మావాడు వేపచెట్టులో చదువుతున్నాడు అని నేననగానే ఆమే నవ్వేసింది. తర్వాత నేనొకటి చెప్పాను, చాలా గర్వంగా: "వరుస." చూడండి, వరుసంటే లైను, క్రమం. వరుసంటే చుట్టరికం కూడా. క్రమశిక్షణా ఆప్యాయతా ఒక్క మాటలో ఉన్నాయి, ఏ ఇంగ్లిషు మాటకుంది ఆ గీర? అక్క ఒక్క నిమిషం ఆలోచించి, "తమ్ముడూ, వరసైన పిల్లల్ని వెతుక్కునే చోటనుకుంటారు" అంది. నా గర్వం అక్కడితో సరి.

అప్పుడు పేర్ల కాగితం పక్కన పెట్టి, పొద్దున్నే స్కూల్లో ఏం చేస్తావో చెప్పక్కా అని అడిగాను. "ఎనిమిదీ నలభైకి మొదటి గంట. అప్పటికి నేను గేటు దగ్గర నిలబడి ఉంటా. ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలిచి లోపలికి పంపుతా. ఎనిమిదీ యాభైకి గేటు మూస్తా. రానివాళ్ల ఇంటికి తొమ్మిదిన్నరలోపు నేనే ఫోన్ చేస్తా" అంది. మన తల్లిదండ్రులు క్రమశిక్షణ అనేది ఆ గేటు మూయడాన్నే. వాళ్లు ఆప్యాయత అనేది ఆ పేరు పెట్టి పిలవడాన్ని, ఆ ఫోన్‌ని. అందులోంచే పుట్టింది: తొలిగంట.

"లో" పరీక్ష చేశాం. మావాడు తొలిగంటలో చదువుతున్నాడు. బాగుంది. గుడి గంటా గుర్తొస్తుంది, పొద్దుటి పూటా గుర్తొస్తుంది, ఆలస్యంగా వెళ్లకూడదనీ గుర్తొస్తుంది. ఆటో డ్రైవర్లు కుదించాలన్నా "గంట స్కూలు" అంటారు, అదీ పర్వాలేదు. ఈ కుదింపు చూసుకోకపోతే కొంప మునుగుతుంది. ఆదర్శ, శిశు, సదన్ అని మూడు మంచి మాటలు కలిపి, బెల్టు బకిల్ మీద ఇంగ్లిషు పొడి అక్షరాలు కొట్టి చూడండి, గాడిద బయటికొస్తుంది. ఒకాయన మాత్రం, "గంటా వాళ్లదా?" అని ఇంటిపేరు తీశాడు. ఆ ప్రమాదం కొంత ఉంది. ఒప్పుకున్నాం.

బోర్డు పనివాడిగా నాకు తెలిసిన లెక్క ఒకటి చెప్తాను. పది అడుగుల దూరానికి ఒక అంగుళం చొప్పున అక్షరం ఎత్తుంటే హాయిగా చదవొచ్చు. రోడ్డు మీద 150 అడుగుల దూరంలో వచ్చే బండికి 15 అంగుళాల అక్షరం కావాలి. 12 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తున్న బోర్డు మీద "శ్రీ సరస్వతీ విద్యానికేతన్ ఇంగ్లిష్ మీడియం హైస్కూల్" అని రెండు వరసల్లో కొడితే అక్షరం ఆరేడు అంగుళాలకి మించదు. పైగా మన లిపికి కింద ఒత్తులు. "స్వ", "ద్యా" లాంటి వాటికి కింద చోటు వదలాలి, ఆ మేరకు అక్షరమే చిన్నదవుతుంది. తొలిగంటలో ఒక్క ఒత్తు కూడా లేదు. నాలుగే అక్షరాలు. రెండడుగుల ఎత్తున నిలబడతాయి.

ఇంగ్లిషు స్పెల్లింగు దగ్గర మాత్రం గంటసేపు కూర్చున్నాం. TOLIGANTA అంటే "టోలి" అని చదువుతారు, అందుకని THOLIGANTA. ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. సొసైటీ రిజిస్ట్రేషన్లో, గుర్తింపు దరఖాస్తులో, 11 అంకెల యూడైస్ కోడు దగ్గర, పిల్లల టీసీల మీద, బస్సు కాగితాల్లో ఒకే స్పెల్లింగు ఉండాలి. ఒకచోట హెచ్ ఎగిరిపోయిందంటే దిద్దుబాటు కోసం తిరిగేది మీరే. పేరు ఖాయం చేసే ముందు ట్రేడ్‌మార్క్ వెబ్‌సైటులో 41వ క్లాసు కింద వెతకండి. చదువు చెప్పే సేవలు ఆ క్లాసులోకే వస్తాయి. వెతకడానికి డబ్బు అక్కర్లేదు. అచ్చం అదే పేరుందా అని చూస్తే చాలదు, ఉచ్చారణ దగ్గరగా ఉన్నవి కూడా చూడాలి. వ్యక్తి పేరున ఆన్‌లైన్లో దరఖాస్తు చేస్తే ఒక క్లాసుకి ప్రభుత్వ ఫీజు 4,500 రూపాయలు. మొదటి బిల్లుతో పాటు రెండో బిల్లూ కట్టడం కన్నా చవక.

పేరు కింద లైను దగ్గర ఇంకో పోరు. "విలువలతో కూడిన విద్య" పెట్టమని అక్క వాళ్లాయన పట్టు. ఆ మాట ఈ ఒక్క ఊళ్లోనే నేను ఎన్ని బోర్డుల మీద కొట్టానో నాకే గుర్తులేదు. దాని బదులు "గేటు 8:50కి మూస్తాం. మీ పిల్లల పేరు మాకు తెలుసు" అని పెడదామన్నాను. బావగారికి ఇది మొరటుగా అనిపించింది. "బెదిరించినట్టుంది కదయ్యా" అన్నారు. అక్క మాత్రం రెండో వాక్యం ఉంటే మొదటిది బెదిరింపు కాదంది. చివరికి ఉంచారు. "ఇంటర్నేషనల్" తోక అడగలేదు, అందుకు ఆయనకి దండం పెట్టాలి.

ఒక చిక్కు మిగిలింది. పేరు తొలిగంట అయ్యాక కరెంటు బెల్లు పెడితే నవ్వుతారు. వెనకటికి మేం చదివిన బళ్లో చెట్టుకి రైలు పట్టా ముక్క వేలాడదీసి ఇనుప కడ్డీతో కొట్టేవాళ్లు. అలాంటిది కావాలని అక్క పట్టుబట్టింది. పాత ఇనప సామాన్ల కొట్లో అడిగితే, "రైల్వే సరుకు మా దగ్గర దొరకదమ్మా, పట్టుకుంటే కేసు" అన్నాడు. ఇప్పుడు గుడి గంటలు చేసేవాళ్ల కోసం వెతుకుతున్నాం. వేపకొమ్మ మోసే బరువులో, వీధి చివరి దాకా వినబడేది ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు కామెంట్లో చెప్పండి. జూన్ మొదటి వారానికల్లా కావాలి.