మధ్యలో యాడ్‌లు రావడం లేదని యాడ్‌లు నొక్కించుకుంటున్నారా?

"మానిటైజ్ అయిన పెద్ద వీడియో మధ్యలో యాడ్‌లు రావడం లేదా? కారణాలు ఇవే! వీడియో 10 నిమిషాలు దాటాలి. చిన్న తెలుగు ఛానళ్లకు యూట్యూబ్ కావాలనే మధ్య యాడ్‌లు ఆపుతోంది. నిమిషానికో యాడ్ గుర్తు పెడితే తప్పకుండా వస్తాయి. అయినా రాకపోతే వీడియో తీసేసి మళ్లీ పెట్టండి. మన గ్రూపులో ఒకరి వీడియోలు ఒకరు రోజూ చూసుకుని, యాడ్ స్కిప్ చేయకుండా నొక్కితే యాడ్‌లు మేల్కొంటాయి. తప్పక షేర్ చేయండి."

ఇది వంటల ఛానళ్ల గ్రూపులో వచ్చింది, వ్యవసాయం వీడియోల గ్రూపులో వచ్చింది, చివరికి మా బంధువుల గ్రూపుకూ చేరింది. పంపినవాళ్లంతా మన మేలు కోరినవాళ్లే. అందుకే ఇన్నాళ్లూ ఊరుకున్నాను. నిన్న మా వదిన కూడా పంపి, "ఇలా చేయమంటావా?" అని అడిగింది. ఇక రాయక తప్పలేదు.

10 నిమిషాల సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. 2020 జులైలోనే ఆ హద్దు 8 నిమిషాలకు తగ్గింది. 7 నిమిషాల 58 సెకన్ల వీడియోకు మిడ్‌రోల్, అంటే మధ్యలో వచ్చే యాడ్, పెట్టలేరు, 8 నిమిషాల వీడియోకు పెట్టగలరు. అంతే.

తీసేసి మళ్లీ పెట్టడం ఇంకా వింత. మిడ్‌రోల్ అమరిక ఆపి ఉంటే, యూట్యూబ్ స్టూడియోలో అదే వీడియో ఆదాయం పేజీకి వెళ్లి ఆన్ చేసి, సేవ్ నొక్కితే సరిపోతుంది. అప్‌లోడ్ డిఫాల్ట్‌లు మార్చి ఊరుకుంటే మాత్రం అవి కొత్త వీడియోలకే వర్తిస్తాయి, పాతవి అలాగే ఉంటాయి. ఇంత చిన్న పనికి వచ్చిన వ్యూస్‌నూ వ్యాఖ్యలనూ చెత్తబుట్టలో వేయమని చెప్పేవారికి ఏమని బదులు చెప్పాలి?

నిమిషానికో గుర్తు అనే సలహా దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు కారణం అక్కడే ఉంది. మనం పెట్టే గుర్తు యాడ్ కాదు, యాడ్‌కు ఒక అవకాశం మాత్రమే. ప్రేక్షకుడు ఆ చోటికి చేరుకున్నప్పుడు, ఆ మనిషికి, ఆ క్షణంలో యాడ్ చూపడానికి ఎవరైనా ప్రకటనకర్త వేలంలో ధర పెట్టాలి. అతనికి డబ్బు కట్టి తీసుకునే యూట్యూబ్ ప్రీమియం ఉంటే యాడ్ రాదు. ఇప్పుడే ఒక యాడ్ చూసి ఉంటే వెంటనే మరొకటి రాకపోవచ్చు. పైగా 2025 మే నుంచి మాట మధ్యలోనో, పని మధ్యలోనో పెట్టిన గుర్తులకు యూట్యూబ్ యాడ్‌లు తగ్గించి, సహజంగా విరామం వచ్చే చోట్లకు ఎక్కువగా పంపుతోంది. కాబట్టి నిమిషానికొకటి చొప్పున 24 గుర్తులు పెడితే 24 యాడ్‌లు రావు. వీడియో చిందరవందరగా కనిపిస్తుంది, అంతే.

వీటన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. అసలు ప్రేక్షకులు ఆ గుర్తు దాకా వస్తున్నారా? 24 నిమిషాల ఆవకాయ వీడియో ఒకటి ఉందనుకుందాం. మొదటి గుర్తు 9వ నిమిషంలో ఉంది. సగటున చూసే సమయం 4 నిమిషాలు. ప్రేక్షకుల నిలకడ గీత 9వ నిమిషం దగ్గర 18 శాతం చూపిస్తోంది. అంటే వెయ్యి మందిలో ఆ గుర్తును చేరేది 180 మంది. అందులో ప్రీమియం ఉన్నవారు, యాడ్ బ్లాకర్ వాడేవారు, ఎవరూ ధర పెట్టనివారు పోగా మిగిలేది ఇంకా తక్కువ. అదే గీత 3 నిమిషాల 40 సెకన్ల దగ్గర 45 శాతం ఉంటే, ఆవపిండి, కారం, ఉప్పు కొలతలు చెప్పడం పూర్తయి నూనె పోయడం మొదలుకాకముందు అక్కడ ఒక గుర్తు పెట్టండి. ఇప్పుడు 450 మందికి అవకాశం దొరికింది. వీడియో మార్చలేదు, తీసేయలేదు, ఎవరినీ బతిమాలలేదు.

వచ్చిందో లేదో మీ ఫోనులో చూసి తేల్చకండి. మీరు ఒక్క ప్రేక్షకుడు మాత్రమే. స్టూడియో అనలిటిక్స్‌లో ఆ ఒక్క వీడియోకు రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకోండి: యాడ్ కనిపించిన ప్లేబ్యాక్‌ల అంచనా ఒకటి, మొత్తం యాడ్ ఇంప్రెషన్లు, అంటే యాడ్‌లు ఎన్నిసార్లు కనిపించాయన్నది, రెండోది. ప్లేబ్యాక్‌లు 420, ఇంప్రెషన్లు 450 ఉంటే దాదాపు అందరికీ ఒక్క యాడే దక్కిందని అర్థం. ఇంప్రెషన్లు 800 దాటితే మధ్యలోనూ పడుతున్నాయని అనుకోవచ్చు. మొదట్లోనే రెండు యాడ్‌లు వరుసగా వచ్చినా ఈ అంకె పెరుగుతుంది కనుక కాస్త జాగ్రత్తగా చదవాలి.

తెలుగు ఛానళ్లపై కుట్ర అనే మాటకు వస్తే, ఇందులో కొంత ఒప్పుకోవాల్సిందే. ప్రకటనకర్తలు భాషను, ఊరిని, వయసును చూసి ధర పెడతారు. తెలుగు ప్రేక్షకుల కోసం వేలంలోకి దిగేవారు తక్కువగా ఉన్న రోజుల్లో గుర్తులు ఖాళీగా పోతాయి. పండుగల ముందు నిండుతాయి, తరువాత తగ్గుతాయి. ఆ లోటు నిజమే, మన తప్పు కూడా కాదు. 2023 నవంబరు నుంచి స్కిప్ చేయగల యాడ్ కావాలా, వద్దా అని ఎంచుకునే వీలు కూడా మన చేతిలో లేదు. అయితే దాన్ని కుట్ర అనడానికి లేదు. ఇంకో సంగతి: 500 సబ్‌స్క్రైబర్లతో యూట్యూబ్ పార్ట్‌నర్ కార్యక్రమంలో చేరినవారికి యాడ్ ఆదాయం ఉండదు. దానికి వెయ్యి మందితో పాటు, గడిచిన ఏడాదిలో 4,000 గంటల వీక్షణగానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్‌గానీ కావాలి. "మానిటైజ్ అయింది" అన్న మాట కింద ఈ తేడా మరుగున పడిపోతోంది.

ఇక చివరి సలహా. ఒకరి యాడ్‌లు ఒకరు నొక్కడం. దీన్ని ఎవరు కనిపెట్టారో గానీ, ఛానల్‌ను మూయించడానికి ఇంతకన్నా చవకైన దారి లేదు. యూట్యూబ్ దీన్ని చెల్లని ట్రాఫిక్ అంటుంది. స్నేహితులు మీ వీడియోల ప్లేలిస్టును రోజంతా నడపడం కూడా అందులోకే వస్తుంది. మీరు అడిగి చేయించారా, వాళ్లంతట వాళ్లే ప్రేమతో చేశారా అన్నది లెక్కలోకి రాదు. ఒకే గుంపు, అవే ఛానళ్లు, ప్రతిరోజూ, ప్రతి యాడ్ మీదా నొక్కుడు. మామూలు ప్రేక్షకుడు యాడ్ నొక్కడమే అరుదు. మరి పిన్నిగారు పొద్దున్నే పది వీడియోల్లో పది యాడ్‌లు నొక్కితే యంత్రానికి అనుమానం రాదా? ఆమెకు ఉదయాన్నే ట్రాక్టరూ, గృహరుణమూ, గేమింగ్ కుర్చీ కావాలనిపించిందని నమ్మాలా?

పట్టుబడ్డాక జరిగేది ఇది. ఆ డబ్బు ఆదాయంలోంచి తీసేసి, వీలైనచోట ప్రకటనకర్తకు తిరిగి ఇస్తారు. ఛానల్‌పై యాడ్‌లను పరిమితం చేస్తారు, లేదా పూర్తిగా ఆపేస్తారు. ముదిరితే మన యాడ్ డబ్బు జమయ్యే యాడ్‌సెన్స్ ఖాతానే మూసేస్తారు. అంటే యాడ్‌లు తెప్పించడానికి వేసిన మందు ఉన్న యాడ్‌లను కూడా ఆపేస్తుంది! ఏ వ్యూ చెల్లలేదో, ఎవరి నొక్కుడు పట్టుబడిందో కూడా వివరంగా చెప్పరు. అప్పుడు గ్రూపులో మళ్లీ మెసేజ్ వస్తుంది: "చూశారా, తెలుగు ఛానళ్లపై కుట్ర."

వదినకు ఇదంతా చెప్పి, గ్రూపు వదిలేయమన్నాను. ఇంకా అక్కడే ఉన్నవారికి ఒక పని చెబుతాను. స్టూడియోలో కనిపించేది అంచనా మాత్రమే. చెల్లని ట్రాఫిక్ కోత పోగా, ఒక నెలకు ఖరారైన మొత్తం మరుసటి నెల 7 నుంచి 12 మధ్య యాడ్‌సెన్స్‌లో పడుతుంది. ఆ రోజున రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, తేడా ఎంతో గ్రూపులో రాయండి.