రహస్యం కట్టిపడేసింది, రహస్యమే చీల్చింది: ఇస్మాయిలీ దావత్ లోగుట్టు

షియాల్లో ఒక శాఖ అయిన ఇస్మాయిలీల దృష్టిలో మతవిధులకు రెండు పొరలు. పైకి కనిపించేది జాహిర్, లోపలి అర్థం బాతిన్. ఆ లోపలి అర్థాన్ని విప్పే పద్ధతి తావీల్. "లా ఇలాహ ఇల్లల్లాహ్" అన్న వాక్యాన్నే తీసుకోండి. అరబ్బీలో రాస్తే నాలుగు మాటలు, 12 అక్షరాలు. వాటిలో వేర్వేరు అక్షరాలు అలిఫ్, లామ్, హా, మూడే. లా-ఇ-లా-హ-ఇల్-లల్-లాహ్ అని విడదీస్తే ఏడు ఖండాలు. ఏడు అనగానే ఒక్కో ప్రవక్త యుగంలో వరుసగా వచ్చే ఏడుగురు ఇమాములు, పన్నెండు అనగానే లోకాన్ని పంచుకున్న 12 'జజీరా'ల, అంటే ప్రచార ప్రాంతాల, పెద్దలు గుర్తుకు రావాలి. అంటే రోజూ పలికే మాటలోనే దావత్ అనే వాళ్ల రహస్య ప్రచార సంస్థ నిర్మాణం కనిపిస్తుంది. తర్కానికి నిలుస్తుందా అన్నది వేరే సంగతి. విన్నవాడికి ఈ లెక్క చెప్పేవాడు తప్పనిసరి అవుతాడు, ఆ సంస్థ ప్రచారకుడైన దాయీ బలమంతా అక్కడే ఉంది.

దాయీ ఊళ్లోకి వచ్చీ రాగానే బోధ మొదలుపెట్టడు. వ్యాపారిగానో పంతులుగానో స్థిరపడి, నమాజులోనూ హజ్‌లోనూ ఈ సంఖ్యలే ఎందుకని ప్రశ్నలు రేపుతాడు. జవాబు దగ్గరికొచ్చాక ఆగిపోతాడు. విన్నది బయటపెట్టనని, ఇమాముకు విధేయుడిగా ఉంటానని ప్రమాణం చేశాకే మిగతాది, అదీ కొంచెం కొంచెంగా. ఈ మెట్లన్నీ ఎక్కితే చివరికి నాస్తికత్వమేనని ప్రత్యర్థులు రాశారు కానీ, ఆ రాతలను పరిశోధకులు నమ్మరు.

ఈ ఏర్పాటులో లోపం 899లో బయటపడింది. ఇరాక్‌లోని కూఫా పరిసరాల్లో హమ్దాన్ ఖర్మత్, అతని బావమరిది అబ్దాన్ చాలాకాలంగా దావత్ నడుపుతున్నారు. తిరిగి రాబోయే రక్షకుడు, అంటే మహ్దీ, ఏడో ఇమాము ముహమ్మద్ ఇబ్న్ ఇస్మాయిలేనని వాళ్లు నేర్పుతూ వచ్చారు. సిరియాలోని సలమియ్యా నుంచి వచ్చిన లేఖల్లో మాట మారింది: అక్కడి నాయకుడు ఇమామత్ తనదేనన్నాడు. హమ్దాన్ అబ్దాన్‌ను పంపి ఆరా తీయించాడు. నిజమేనని తేలగానే తన కింది దాయీలను పిలిచి దావత్ ఆపెయ్యమన్నాడు. తర్వాత హమ్దాన్ కనబడలేదు, అబ్దాన్ హత్యకు గురయ్యాడు. ఏ ప్రాంతం మనుషులకైనా తెలిసింది తమ దాయీ ఒక్కడే. కేంద్రం గురించి నేరుగా ఏమీ తెలియదు కాబట్టి దాయీ ఎటు తిరిగితే వాళ్లూ అటే. యెమెన్‌లో ఇబ్న్ హౌషబ్ సలమియ్యా వైపే నిలిచాడు. అతని దగ్గర తర్ఫీదై, 893లో ఉత్తర ఆఫ్రికాలోని కుతామా బెర్బర్ల మధ్యకు చేరిన అబూ అబ్దుల్లా కూడా అంతే. 909లో సలమియ్యా నాయకుడి ఫాతిమిద్ రాజ్యం అక్కడ నిలిచింది ఆ కుతామా సైన్యంతోనే.

సలమియ్యా నుంచి విడిపోయి, హమ్దాన్ ఖర్మత్ పేరుతో ఖర్మతీలనిపించుకున్న బహ్రెయిన్ వాళ్లు 930లో మక్కాపై పడి కాబాలోని నల్లరాయిని ఎత్తుకుపోయారు. మరుసటి ఏడాది ఒక ఇరానీ యువకుణ్ణి మహ్దీగా ప్రకటించి, షరియత్‌నే పక్కన పెట్టేశారు. బాతిన్ చేతికొచ్చాక జాహిర్ ఎందుకన్న ప్రశ్న అక్కడ అంతదాకా వెళ్లింది. రాజ్యం నడపాల్సిన ఫాతిమిదులకు ఆ దారి కుదరదు. వాళ్ల న్యాయకోవిదుడు ఖాజీ నుమాన్ (మరణం 974) ముందు విధుల గ్రంథం రాసి, తర్వాత అదే క్రమంలో వాటి తావీల్‌ను వేరే గ్రంథంగా రాశాడు. మొదటిది అందరికీ, రెండోది ప్రమాణం చేసినవారికి.