ఆఫర్‌కు గడువు అడగండి, తేదీ చెప్పి అడగండి

ఉద్యోగం ఇస్తామన్న సంస్థను నాలుగు రోజులు ఆగమని అడగడానికి చాలామంది వెనకాడతారు. ఆసక్తి లేదనుకుంటారేమో, ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమో అని భయం. నా ఉద్దేశంలో సంస్థ ఉత్సాహం చల్లారేది ఆ నాలుగు రోజుల వల్ల కాదు, ఆ తర్వాతైనా జవాబు వస్తుందో రాదో తెలియకపోవడం వల్ల.

నియామకాలు చూసే అధికారి వైపు నుంచి ఆలోచించండి. ఆమె జాబితాలో మీ పేరు కింద మరో పేరు ఉంటుంది. ఆ రెండో అభ్యర్థికి ఇంకా కాదని చెప్పి ఉండరు, త్వరలో కబురు చేస్తామని ఆపి ఉంచుతారు. మీరు కాదనే సమయానికి ఆ వ్యక్తి వేరే చోట చేరిపోతే ఇంటర్వ్యూలన్నీ మళ్లీ మొదటి నుంచి జరపాలి. అందుకే ‘ఇంకాస్త సమయం కావాలి’ అన్న మాట ఆమెను కలవరపెడుతుంది. అదే మీరు రోజు, గంట చెబితే రెండో అభ్యర్థిని ఎన్నాళ్లు ఆపాలో ఆమెకు తెలుస్తుంది, పై అధికారికి చెప్పుకోవడానికీ ఒక తేదీ ఉంటుంది.

ఒక సందర్భం చూద్దాం. సోమవారం సాయంత్రం ఆఫర్ లేఖ వచ్చింది. బుధవారంలోగా జవాబు ఇవ్వమన్నారు. మీకు మరో సంస్థలో చివరి ఇంటర్వ్యూ గురువారం ఉంది. ఎక్కువమంది బుధవారం సాయంత్రం దాకా మౌనంగా ఉండి, అప్పుడు గడువు అడుగుతారు. అసలు చిక్కు అక్కడే వస్తుంది. గడువు ముగిసే వేళ వచ్చిన అభ్యర్థన తప్పించుకునే మాటలా వినిపిస్తుంది. మంగళవారం ఉదయమే ఫోన్ చేసి, వెంటనే ఇలా రాస్తే సరిపోతుంది:

‘ఆఫర్ అందింది, ధన్యవాదాలు. మీ బృందంతో మాట్లాడాక ఈ పని మీద నా ఆసక్తి పెరిగింది. మరో సంస్థతో మొదలైన ఇంటర్వ్యూ ఈ వారంలో ముగుస్తుంది. అది పూర్తయ్యాక నిర్ణయం తీసుకుంటే మీకు ఇచ్చే మాట మీద గట్టిగా నిలబడగలను. వచ్చే మంగళవారం మధ్యాహ్నం 12 గంటలలోగా కచ్చితంగా జవాబు చెబుతాను. ఈ తేదీ మీకు ఇబ్బంది అయితే చెప్పండి.’

శుక్రవారం దాకా అని ఎందుకు అడగలేదు? గురువారం ఇంటర్వ్యూ జరిగాక ఆ సంస్థ తేల్చడానికి కనీసం ఒకటి రెండు పనిదినాలు పడుతుంది. శుక్రవారం అంటే మళ్లీ గడువు పొడిగించమనాల్సి వస్తుంది. మొదటి అభ్యర్థనను ఓపిగ్గా విన్నవారు రెండోదాన్ని అలా వినరు. మొదటి సంస్థకు ఫోన్ చేసిన ఆ మంగళవారమే రెండో సంస్థకూ చెప్పండి: చేతిలో ఒక ఆఫర్ ఉంది, ఫలానా రోజులోగా జవాబివ్వాలి, మీ ఫలితం ఆలోపు తెలుస్తుందా అని. జీతం, చేరే తేదీ గురించిన సందేహాలన్నీ మొదటి రెండు రోజుల్లోనే ఒకే ఉత్తరంలో అడిగేయండి. గడువు చివరి రోజున జీతం బేరం మొదలుపెడితే అడిగిన సమయమంతా దానికోసమే అనిపిస్తుంది.

నిజంగా కావాలనుకునేవాడు వెంటనే సరే అంటాడన్నది కొందరు మేనేజర్ల వాదన. ఒకే రోజు అందరూ చేరాల్సిన శిక్షణ బృందాల్లోనో, పని మొదలయ్యే తేదీ ఖరారైన చోటో గడువు ఇవ్వలేకపోవడం న్యాయమే. అక్కడ ‘కుదరదు’ అంటే దాన్ని గౌరవించి తేల్చుకోవాలి. కానీ మిగతా చోట్ల తొందరపెట్టి తెచ్చుకున్న ‘సరే’ చాలాసార్లు చేరే రోజుకు ముందే తిరగబడుతుంది. అప్పటికి రెండో అభ్యర్థి కూడా ఉండడు. వారం ఆగడం కన్నా అది ఎంతో ఖరీదైన నష్టం.

ఈ తొందర ఎక్కడిదాకా వెళుతుందో చరిత్రలోనే ఉంది. 1940లలో అమెరికా ఆసుపత్రులు వైద్య విద్యార్థులకు శిక్షణ ఉద్యోగాలు ఇచ్చేటప్పుడు ఇదే పేచీ పడ్డాయి. మరింత మంచి చోటు కోసం ఎదురుచూసిన విద్యార్థి ఆఖరి క్షణంలో కాదంటే, ఆసుపత్రి రెండో ఎంపిక అప్పటికే మరోచోట కుదిరిపోయేవాడు. 1945లో ఆలోచించుకోవడానికి 10 రోజులు ఇచ్చేవారు. ఏటా తగ్గిస్తూ పోగా 1949 నాటికి 12 గంటల గడువు కూడా ఎక్కువే అన్నారు. అయినా పేచీ తీరలేదు. చివరికి విద్యార్థులూ ఆసుపత్రులూ తమ ఇష్టాలను వరుస క్రమంలో ఇస్తే జతలు కుదిర్చే కేంద్రీయ పద్ధతి 1952లో అమల్లోకి వచ్చింది. దీన్ని లోతుగా విశ్లేషించిన ఆల్విన్ రోత్‌కు 2012లో లాయిడ్ షాప్లీతో కలిసి అర్థశాస్త్ర నోబెల్ దక్కింది.

మామూలు ఉద్యోగాలకు అలాంటి కేంద్రీయ ఏర్పాటు లేదు. అందుకే సంస్థలే మారాలి. వారాల తరబడి ఇంటర్వ్యూలు జరిపి అభ్యర్థిని జల్లెడ పట్టినవారు, అతని జవాబుకు రెండు రోజులే ఇవ్వడం అన్యాయం. ఆఫర్ లేఖలోనే కనీసం ఒక వారం గడువు రాయాలి. అంతకన్నా తక్కువ ఇవ్వాల్సి వస్తే కారణమూ అందులోనే చెప్పాలి.