స్విచ్ తిరిగి పైకొచ్చింది సరే, ఎందుకు పడిపోయిందో చూశారా?

అర్ధరాత్రి నెట్‌వర్క్ స్విచ్ దానంతట అదే రీబూట్ అయింది, కాసేపటికి తిరిగి పైకొచ్చింది. పొద్దున్నే సపోర్ట్‌కు కేసు వెళ్తుంది: "స్విచ్ రీబూట్ అయింది, కారణం చెప్పండి." క్రాష్ అయినప్పుడు స్విచ్ రాసిపెట్టే ఫైల్ జత చేయలేదు, స్విచ్ చూపే రీలోడ్ కారణం రాయలేదు. మొదటి రోజంతా ఫైళ్లు అడగడం, పంపడంతోనే గడిచిపోతుంది. ఈలోగా ఎవరో ఒకరు జాగ్రత్త కోసమని సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేసి మళ్లీ రీలోడ్ కొడతారు. దాంతో చివరి రీలోడ్ కారణం ఉండే చోట మన చేత్తో ఇచ్చిన కమాండ్ పేరు చేరుతుంది. కారణం చదివి, ఫైల్‌ను బయటికి తీశాకే కేసు తెరవాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఇందులో ఎక్కువమంది పొరబడేది స్టాక్ దగ్గర. మూడు సిస్కో క్యాటలిస్ట్ 9300 స్విచ్‌లు కలిపి ఒకే స్విచ్‌లా నడిపే స్టాక్‌లో, మిగతావాటిని నడిపిస్తూ యాక్టివ్‌గా ఉన్న 1వ స్విచ్ క్రాష్ అయిందనుకుందాం. స్టాండ్‌బైలో ఉన్న 2వ స్విచ్ బాధ్యత తీసుకుంటుంది. 1వ స్విచ్ రీబూట్ అయి స్టాక్‌లో తిరిగి చేరుతుంది. ఇప్పుడు లాగిన్ అయి `show version` కొడితే పైన కనిపించే అప్‌టైమ్ మొత్తం స్టాక్‌ది, అది నెలల తరబడి అలాగే ఉంటుంది. అది చూసి "రీబూటే జరగలేదు" అని తేల్చేస్తారు. కిందికి వెళ్తే ఒక్కో స్విచ్‌కు విడిగా అప్‌టైమ్, చివరి రీలోడ్ కారణం ఉంటాయి. 1వ స్విచ్ దగ్గర ఇలా కనిపించవచ్చు:

```
Last reload reason : Critical process linux_iosd_image fault on rp_0_0 (rc=139)
```

ఈ ఒక్క లైన్ చాలా చెబుతుంది. పడిపోయింది స్విచ్‌ను నడిపే ఐఓఎస్ ప్రాసెస్. 139 అంటే 128కి 11 కలిపిన సంఖ్య. లినక్స్‌లో 11వ సిగ్నల్ మెమరీని తప్పుగా తాకినప్పుడు వచ్చేది. అదే 134 అయితే ప్రాసెస్ తనను తానే ఆపేసుకుందని అర్థం. ఇలాంటి లైన్ ఉంటే అనుమానం ముందు సాఫ్ట్‌వేర్ మీదికి వెళ్తుంది.

అలా కాకుండా `PowerOn` అని ఉండి, క్రాష్ ఫైల్ ఏదీ లేకపోతే దారి వేరు. కరెంటు ఒక్కసారిగా పోతే ఫైల్ రాసే వ్యవధి స్విచ్‌కు ఉండదు. అదే పవర్ లైన్ మీదున్న పక్క పరికరాల అప్‌టైమ్ కూడా అదే సమయం చూపిస్తే, సపోర్ట్‌కు కాదు, పవర్ చూసే వాళ్లకు ఫోన్ చేయాలి. పక్కవి చెక్కుచెదరకపోతే ఆ స్విచ్ పవర్ సప్లై, కేబుల్ చూడాలి. హార్డ్‌వేర్ లోపం వల్ల కూడా ఫైల్ మిగలకపోవచ్చు కాబట్టి, ఫైల్ లేనంత మాత్రాన కరెంటే కారణమని ముద్ర వేయకూడదు.

ఇక ఫైల్ విషయం. `dir crashinfo:` కొడితే కనిపించేది ఇప్పుడు యాక్టివ్‌గా ఉన్న 2వ స్విచ్ ఫోల్డర్. అందులో ఈ క్రాష్ ఫైల్ ఉండదు, క్రాష్ అయింది 1వ స్విచ్ కదా. నంబర్ చెప్పి అడగాలి:

```
dir crashinfo-1:
dir flash-1:core
```

రీబూట్ సమయంతో కలిసే `system-report` పేరున్న ఫైల్ కావాలి. స్విచ్ గడియారం సమయం సరిచేసే ఎన్‌టీపీ సర్వర్‌తో కలవకపోతే ఫైల్ తేదీ నమ్మలేం, ముందు `show clock` చూసుకోండి. ఫైల్ సైజు ఇంకా పెరుగుతుంటే రాయడం పూర్తి కాలేదన్నమాట, ఆగాలి. ఎస్‌సీపీతో కాపీ చేసి, `verify /md5` విలువను అవతలి కాపీతో పోల్చండి. సగం చేరిన ఫైల్‌ను ఎవరూ తెరవలేరు. దానికి స్విచ్ వెర్షన్, స్థితి అంతా చూపే `show tech-support` అవుట్‌పుట్ జత చేయండి. క్రాష్ ఫైల్‌లోని అడ్రస్‌లను విప్పి చదవగలిగేది తయారీ సంస్థ ఇంజనీర్లే, వారికి సరిగ్గా ఏ వెర్షనో తెలియాలి.

నెట్‌వర్క్ పడిపోయినప్పుడు ముందు సర్వీస్ నిలబెట్టాలి కానీ ఫైళ్లు వెతకడమేంటని కొందరంటారు. స్విచ్ హ్యాంగ్ అయి ఉంటే అది నిజమే. కానీ మనం మాట్లాడుతున్నది తిరిగి పైకొచ్చిన స్విచ్ గురించి. సర్వీస్ నడుస్తూనే ఉంటుంది. ఈ కమాండ్లు దాన్ని ఆపవు.

అసలు జబ్బు మన రిపోర్టుల్లో ఉంది. ఎన్ని నిమిషాల్లో సర్వీస్ వచ్చిందన్నదే కొలుస్తారు. కారణం దగ్గర "రీబూట్ తర్వాత సరైంది" అని రాస్తే ఎవరూ అభ్యంతరం పెట్టరు. జరిగిందే కారణంగా రాసి టికెట్ మూసేస్తున్నారు. త్వరగా మూసినవారికి మెప్పు వస్తుంది, ఆగి ఫైల్ తీసినవారి మీద ఆలస్యం ముద్ర పడుతుంది. అదే లోపం మరో స్విచ్‌లో బయటపడ్డప్పుడు పోల్చి చూడటానికి పాత ఫైల్ ఉండదు. ఏ స్విచ్ నంబర్, ఉన్నదున్నట్టు రీలోడ్ కారణం, ఫైల్ ఎక్కడ దాచారు అనే మూడు గడులు నిండకుండా టికెట్ మూయడానికి మేనేజర్లు ఒప్పుకోకూడదు.