ఫుల్ టైమ్ జాబ్‌ని పార్ట్ టైమ్‌గానో ఇంటి నుంచో అడగాలంటే, రెండూ ఒకే లైన్లో అడక్కండి

మా వదిన నిజాంపేటలో ఉంటుంది, అకౌంట్స్‌లో తొమ్మిదేళ్ల అనుభవం, పిల్లాడి కోసం మూడేళ్లు గ్యాప్ తీసుకుంది. మళ్లీ జాబ్ వెతకడం మొదలుపెట్టి, నచ్చిన లిస్టింగ్ కనిపించిన ప్రతిసారీ హెచ్ఆర్‌కి ఒకటే మెసేజ్ పెట్టేది. "ఇది పార్ట్ టైమ్ గానీ వర్క్ ఫ్రమ్ హోమ్ గానీ కుదురుతుందా మేడమ్?" రెండు కంపెనీల నుంచి రిప్లై రాలేదు, మూడోది మాత్రం "ఫుల్ టైమ్, ఆఫీస్ ఓన్లీ" అని నాలుగు ముక్కల్లో తేల్చేసింది. వదిన ఏమో "వీళ్లు అసలు ఒప్పుకోరు, వదిలెయ్" అంది. నాకేమో తప్పు కంపెనీలది కాదు, ఆ మెసేజ్‌ది అనిపించింది.

ఎందుకంటే అందులో ఉన్నవి రెండు వేరే వేరే ప్రశ్నలు, వాటికి జవాబు చెప్పేవాళ్లు కూడా వేరే. ఎక్కడ కూర్చుని పని చేస్తాం అనేది చాలా చోట్ల మన మీద ఉండే మేనేజర్ చేతిలో ఉంటుంది, పైన పాలసీ ఉన్నా ఎంతో కొంత సర్దగలడు. ఎన్ని గంటలు పని చేస్తాం అనేది మాత్రం డబ్బు విషయం, అంటే ఫైనాన్స్ వాళ్లది, చిన్న కంపెనీ అయితే నేరుగా ఓనర్‌ది. మనం రెండూ కలిపి హెచ్ఆర్‌ని అడిగితే, రెండిట్లో ఏదీ ఆమె చేతిలో లేదు కాబట్టి ఆమెకి తేలికగా వచ్చే జవాబు "నో".

పార్ట్ టైమ్‌కి పెద్ద కంపెనీలు ఎందుకు అంత బిగుసుకుపోతాయో కొంచెం లోపలికెళ్లి చూస్తే అర్థమవుతుంది. లిస్టింగ్ బయటికి రాకముందే ఆ పోస్టుకి ఒక హెడ్‌కౌంట్ అప్రూవ్ అయి ఉంటుంది, అంటే ఒక తలకాయకి పర్మిషన్. మీరు వారానికి మూడు రోజులే చేస్తానన్నా, లెక్కలో మీరు ఒక పూర్తి తలకాయే. మిగిలిన రెండు రోజుల పనికి ఇంకో అరమనిషిని ఇవ్వమంటే మళ్లీ బడ్జెట్ టైమ్ దాకా ఆగాలి, ఈలోపు ఆ పని మేనేజర్ నెత్తినే పడుతుంది. జీతం సగానికి దగ్గరగా తగ్గినా ల్యాప్‌టాప్, సాఫ్ట్‌వేర్ లైసెన్సు, హెల్త్ ఇన్సూరెన్సు సగం అవ్వవు. అందుకే ఆయన పాపం మనసులో ఒప్పుకున్నా నోటితో ఒప్పుకోడు. అదే పాతిక ముప్పై మంది ఉండే కంపెనీలో ఈ హెడ్‌కౌంట్ గోల తక్కువ. పైగా అక్కడ "ఫుల్ టైమ్" అని రాసిన పని చాలాసార్లు నిజంగా రోజుకి ఐదు గంటల పనే, అందరూ అలాగే రాస్తారు కాబట్టి వీళ్లూ రాశారంతే. కాబట్టి నా లెక్క ఏంటంటే, పార్ట్ టైమ్ కావాలంటే చిన్న కంపెనీలో అడగండి, హైబ్రిడ్ కావాలంటే పెద్ద కంపెనీలో అడగండి.

రిమోట్‌కి కూడా కొన్ని చోట్ల మేనేజర్ చేతులు కట్టేసే ఉంటాయి. క్లయింట్ కాంట్రాక్టులో ఫలానా ఫ్లోర్ నుంచే పని జరగాలి, ఫోన్ కూడా బయట పెట్టి రావాలి అని ఉంటే అక్కడ ఎంత బతిమాలినా పని అవ్వదు. మాదాపూర్, గచ్చిబౌలి వైపు సెజ్ బిల్డింగుల్లో ఉండే యూనిట్లకైతే 2022లో సెజ్ రూల్స్‌లో 43ఏ అని వర్క్ ఫ్రమ్ హోమ్ కోసమే ఒక రూల్ చేర్చాల్సి వచ్చింది, అంటే అక్కడ ఇది మేనేజర్ దయ మీద నడిచే సంగతి కాదు. లిస్టింగ్‌లో "క్లయింట్ లొకేషన్", "రొటేషనల్ షిఫ్ట్స్" అని కనిపిస్తే నేనైతే అడగనే అడగను. అదే రెండు నెలలుగా తిరిగి తిరిగి పోస్ట్ అవుతున్న లిస్టింగ్ కనిపిస్తే కచ్చితంగా అడుగుతా, ఎందుకంటే వాళ్లకి కావాల్సిన మనిషి ఇంకా దొరకలేదని వాళ్లే చెప్తున్నారు కదా.

ఇక నాలుగోసారి వదిన ఏం చేసిందో చెప్తా. బేగంపేటలో హాస్పిటల్ సామాన్లు సప్లై చేసే ఒక చిన్న కంపెనీ, అకౌంట్స్‌కి మనిషి కావాలి, వారానికి ఆరు రోజులు, లంచ్ తీసేస్తే రోజుకి 8 గంటలు, నెలకి 45,000. జేఎన్‌టీయూ దగ్గర మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే తర్వాతి స్టేషనే, రోజూ వెళ్లడం కష్టమేం కాదు గానీ సాయంత్రం నాలుగింటికి పిల్లాడి స్కూల్ బస్ వస్తుంది. ఈసారి మొదటి కాల్‌లో హెచ్ఆర్ "లొకేషన్ ఓకే కదండి?" అంటే, "లొకేషన్ ఓకే, టైమింగ్స్ గురించి మాత్రం పని ఏంటో తెలిశాక సార్‌తో మాట్లాడాలండి" అంది. ఇది నాకు బాగా నచ్చింది, దాచిపెట్టలేదు, అలాగని గేటు దగ్గరే నో అనిపించుకోలేదు. (మీరు ఎట్టి పరిస్థితిలోనూ ఫుల్ టైమ్ చేయలేకపోతే మాత్రం ఆ మొదటి కాల్‌లోనే చెప్పేయండి. మూడు రౌండ్లు తిరిగి ఆఫర్ చేతికొచ్చాక చెప్తే అవతల వాళ్లకి కడుపు మండుతుంది, అందులో తప్పు లేదు.)

ఇంటర్వ్యూలో ఆమె ఎక్కువ అడిగింది తన గురించి కాదు, పని గురించి. నెలకి ఎన్ని బిల్లులు వస్తాయి, అవి పేపర్ మీదా మెయిల్లోనా, టాలీ ఏ సిస్టమ్‌లో ఉంది, బ్యాంక్ పేమెంట్ ఓటీపీ ఎవరి ఫోన్‌కి వెళ్తుంది. తేలిందేంటంటే నెలకి మూడొందల బిల్లులు, సగానికి పైగా కొరియర్‌లో వస్తాయి, టాలీ ఆఫీస్ కంప్యూటర్‌లోనే ఉంది, ఓటీపీ ఓనర్ ఫోన్‌కి. అంటే బిల్లులు ఎక్కించడానికి, పేమెంట్లకి ఆఫీస్‌కి వెళ్లాల్సిందే. రికన్సిలియేషన్, రిటర్నులు ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకుని చేసేయొచ్చు. పైగా ఈ పనికి ఒక క్యాలెండర్ ఉంది, 7వ తేదీకి టీడీఎస్ కట్టాలి, 11కి జీఎస్టీఆర్-1, 20కి 3బీ అనే జీఎస్టీ రిటర్నులు వేయాలి. మిగతా రోజుల్లో అంత వేడి ఉండదు.

ఇంటికొచ్చి ఆ రాత్రే ఓనర్‌కి మెయిల్ రాసింది, ఇంగ్లిష్‌లోనే, సారాంశం ఇది: "సర్, మీరు చెప్పిన పని నేను రోజుకి 10 నుంచి 3 వరకు, ఆరు రోజులు, అంటే వారానికి 30 గంటల్లో పూర్తి చేయగలను. సోమ, బుధ, శుక్రవారాలు ఆఫీస్‌కి వస్తాను, బిల్లులు, పేమెంట్లు ఆ రోజుల్లో. 7, 11, 20 తేదీలకి ముందు రోజు అవసరమైతే సాయంత్రం దాకా ఉంటాను. మూడు తర్వాత వెండర్ల ఫోన్లు వస్తే మీ దగ్గర ఉన్న జూనియర్ నోట్ చేసుకుంటే పొద్దున్నే నేను మాట్లాడతాను. జీతం గంటల లెక్కన 28,125. రెండు నెలలు చూసి, రిటర్న్ ఒక్కటి లేట్ అయినా మళ్లీ మాట్లాడుకుందాం." పిల్లాడి బస్ సంగతి అందులో ఎక్కడా లేదు. ఆయన భయం మన ఇంటి గురించి కాదు కదా, మూడు తర్వాత ఫోన్ ఎవరెత్తుతారు అన్నదే, దానికి జవాబు మెయిల్లోనే ఉంది.

ఓనర్ రెండు రోజుల్లో ఒప్పుకున్నాడు. అసలు తిరకాసు తర్వాత వచ్చింది. వాళ్ల ఆడిటర్ "పార్ట్ టైమ్ కదా, పేరోల్‌లో ఎందుకు, రిటైనర్‌గా పెట్టుకుందాం, 28,125 కాదు రౌండ్‌గా 30,000 ఇద్దాం" అన్నాడట. రిటైనర్ అంటే ఉద్యోగిగా కాదు, నెలకింత అని ఫీజు తీసుకునే బయటి మనిషిగా అన్నమాట. వినడానికి ఎక్కువ ఇస్తున్నట్టే ఉంది. మేమిద్దరం కూర్చుని లెక్క వేశాం. రిటైనర్ అయితే ప్రొఫెషనల్ ఫీజు కింద 10 శాతం టీడీఎస్ పోతుంది, చేతికి 27,000, ఆ కోసిన 3,000 రిటర్న్ ఫైల్ చేస్తే వెనక్కొస్తుంది, కానీ అప్పటిదాకా ఆగాలి. పేరోల్ అయితే 28,125లో తన పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ టాక్స్ 200 పోయి చేతికి 26,125. అయితే కంపెనీ ఇంకో 1,800 తన వాటాగా పీఎఫ్, పెన్షన్‌కి కట్టాలి. అది కలిపితే 29,925. అంటే ఆ "రౌండ్‌గా 30,000"లో నిజంగా ఎక్కువ ఇస్తోంది నెలకి 75 రూపాయలు! దానికి బదులు పెయిడ్ లీవులు పోతాయి, గ్రాట్యుటీ ఉండదు, జ్వరమొచ్చి రెండు రోజులు రాకపోతే ఆ డబ్బూ కట్.

పార్ట్ టైమ్ వాళ్లకి పీఎఫ్ ఉండదనేది చాలామంది ఆఫీసుల్లో నమ్మకంగా చెప్తుంటారు, అది తప్పు. పీఎఫ్ చట్టం కిందకి వచ్చే సంస్థలో జీతానికి పని చేస్తే ఉద్యోగే, రోజుకి ఎన్ని గంటలు అని అది చూడదు. వదినకి పాత యూఏఎన్ కూడా ఉంది. కంపెనీ వాటాని 28,125 లోపలే సర్దేస్తే పైన వేసిన లెక్క మారిపోతుంది కాబట్టి "పీఎఫ్ మీ వాటా దీని మీద అదనమా, ఇందులోనేనా" అని ఆ ఒక్క ప్రశ్న మాత్రం ముందే అడిగి పెట్టుకోవాలి. రిటైనర్ ఎప్పుడూ చెడ్డదే అని నేను అనట్లేదు, రెండు మూడు కంపెనీలకి చేసేవాళ్లకి అదే నయం. అలాంటప్పుడు ఈ 75 రూపాయలకి కాదు, పేరోల్ లెక్క మీద పాతిక శాతమన్నా ఎక్కువ అడగాలి అని నా అభిప్రాయం.

చివరికి పేరోల్‌కే ఒప్పుకున్నారు, అపాయింట్‌మెంట్ లెటర్ వచ్చింది. అందులో పని వేళలు దగ్గర "కంపెనీ పాలసీ ప్రకారం" అని ఉంది. వదిన సంతకం పెట్టేసేదే, నేనే ఆపాను, ఎందుకంటే ఆ దెబ్బ నేను తిన్నా. ఆరేళ్ల క్రితం నేను చేరిన చోట మేనేజర్ "వారానికి రెండు రోజులొస్తే చాలు బాస్" అన్నాడు, నోటి మాట, మెయిల్ కూడా లేదు. ఎనిమిది నెలలకి ఆయన రిజైన్ చేసి వెళ్లిపోయాడు, కొత్తాయన మొదటి సోమవారమే "మీ లెటర్‌లో ఎక్కడుందో చూపించండి" అన్నాడు. చూపించడానికి ఏముంది.

వదిన హెచ్ఆర్‌కి ఫోన్ చేస్తే "అది స్టాండర్డ్ ఫార్మాట్ అండి, అందరికీ అదే" అంది. "ఫార్మాట్ మార్చొద్దండి, కింద ఒక లైన్ వేయండి చాలు, సార్ ఒప్పుకున్న మెయిల్ మీకు ఫార్వర్డ్ చేస్తాను" అంది వదిన. మర్నాడు అనెక్సర్ అని ఒక పేజీ వచ్చింది. పని వేళలు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3, సోమ బుధ శుక్ర ఆఫీస్ నుంచి, మిగతా రోజులు ఇంటి నుంచి, మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు. ఆ చివరి ముక్క హెచ్ఆరే చేర్చింది, వదిన అడగలేదు.