ఒకే ఫొటోలో అన్ని రంగులు: మడతలు ఒప్పుకునేంత వరకే

ఆన్‌లైన్ దుకాణంలో ఒక టీషర్టు ఆరు రంగుల్లో ఉందనుకుందాం. రంగు చుక్కను నొక్కినప్పుడు మోడల్ నిలుచున్న తీరు, వెనకాల నీడ, ఫ్రేమ్ కదలకుండా ఉండి బట్ట రంగు ఒక్కటే మారితే కొనేవారికి పోల్చుకోవడం తేలిక. అందుకే చాలామంది యజమానులు ఒక్క రంగునే ఫొటో తీయించి, మిగతా వాటిని ఎడిటింగ్‌లో మార్పించుకుంటారు. ఖర్చు తగ్గించే ఈ పద్ధతి మంచిదే కానీ, అన్ని రంగులకూ పనికిరాదు. ఆ హద్దు ఎక్కడుందో ఫొటో తీసే రోజే నిర్ణయించుకోవాలి.

సాధారణంగా జరిగే పొరపాటు మొదటి రంగు ఎంపికలోనే ఉంటుంది. బాగా అమ్ముడయ్యే ఎరుపునో నీలాన్నో మోడల్‌కు తొడిగి తీస్తారు. ఎర్ర చొక్కా మీద పడిన వెలుతురు మోడల్ గడ్డం కిందకీ, మోచేతుల లోపలి వైపుకీ ఎర్రగా తిరిగి పడుతుంది. తర్వాత చొక్కాను ఆకుపచ్చగా మార్చినా గడ్డం కింద ఆ ఎరుపు అలాగే మిగిలిపోతుంది. చూసేవారు తప్పేమిటో చెప్పలేకపోయినా, బొమ్మ అతికించినట్టుందని మాత్రం పసిగడతారు. లేత బూడిద రంగు చొక్కాతో మొదలుపెడితే ఈ బెడద ఉండదు. చర్మం మీద తొలగించాల్సిన రంగేదీ ఉండదు, కొత్త రంగు ఛాయను గడ్డం కింద చాలా పలచగా అద్దితే సరిపోతుంది.

అదే షూటింగ్‌లో చేయాల్సిన మరో పని చాలా చిన్నది, ఎక్కువమంది వదిలేసేదీ అదే. కెమెరాను స్టాండు మీద, ఎక్స్‌పోజర్‌ను, వైట్ బ్యాలెన్స్‌ను మాన్యువల్‌లో స్థిరంగా ఉంచి, మిగతా రంగుల అసలు చొక్కాలను ఒక్కొక్కటిగా మోడల్ ఛాతీ ముందు పట్టించి ఒక్కో ఫొటో తీయాలి. ఎడిటర్‌కు గురిగా నిలిచేవి ఈ ఫొటోలే. ఇవి లేకపోతే అతను ఫ్యాక్టరీ పంపిన రంగు పేరు చూసి, తన మానిటర్‌ను నమ్మి ఊహిస్తాడు. వాటి నుంచి రంగు విలువ తీసుకునేటప్పుడు కూడా ఒక్క పిక్సెల్‌ను కాక, 11 x 11 పిక్సెళ్ల సగటును చూడాలి, ఎందుకంటే నేతలో ప్రతి దారానికీ ఒక వెలుగు, ఒక నీడ ఉంటాయి.

ఇప్పుడు పసుపు సంగతి చూద్దాం. నలుపును 0గా, తెలుపును 100గా లెక్కించే Lab కొలతలో బూడిద చొక్కా వెలుగు విలువ 70 దగ్గర ఉంటే, ప్రకాశవంతమైన పసుపు బట్టది 85 దగ్గర ఉంటుంది. రంగు పొర ఒక్కటే వేస్తే బట్ట మురికి పట్టినట్టు కనిపిస్తుంది, కాబట్టి ముందు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని Curvesతో వెలుగు పెంచాలి. అయినా మడతల దగ్గర చిక్కు మిగులుతుంది. నిజమైన పసుపు బట్ట మడతలో వెలుతురు రెండు మూడుసార్లు బట్ట మీదే తగిలి వస్తుంది కనుక అక్కడి రంగు చిక్కబడి కాస్త నారింజ వైపు జరుగుతుంది. ఎడిటింగ్‌లో నీడను ఉత్త నలుపుతో ముదురు చేస్తే అదే మడత పాచి రంగులోకి తిరుగుతుంది. నీడ భాగాలకు విడిగా వెచ్చదనం కలిపితేనే పసుపు పసుపులా ఉంటుంది. మెరూన్, ముదురు ఆకుపచ్చ లాంటివి ఇంత సతాయించవు.

తెలుపు, నలుపు మాత్రం నా దృష్టిలో ఈ పద్ధతికి బయటివి. తెల్లబట్టలో మడతలు ఒకదానికొకటి వెలుతురు పంచుకోవడంతో నీడలు పలచబడతాయి. నల్లబట్టలో అందుకు విరుద్ధం. బట్ట లోపలి నుంచి వెలుతురు దాదాపు రాదు, మడత అంచుల మీద తెల్లటి మెరుపు మాత్రమే ఆకారాన్ని చెబుతుంది. బూడిద ఫొటోను చీకటి చేస్తే ఆ మెరుపు కూడా మునిగిపోయి, మోడల్ ఒంటి మీద చొక్కా ఆకారంలో ఒక రంధ్రం మిగులుతుంది. Hue/Saturation స్లయిడర్‌ను ఎంత జరిపినా లేని మెరుపు రాదు. ఈ రెండింటినీ నిజంగా తొడిగించి తీయడమే మేలు. మొదటి ఫొటోను తెర మీద పలచగా పరిచి, దానికి భుజాలు, చేతులు సరిపోయేలా మోడల్‌ను నిలబెడితే తేడా చాలా తక్కువగా వస్తుంది.

పని పూర్తయ్యాక ఫైళ్లన్నింటినీ వెబ్‌కు వాడే sRGB రంగుల పరిధిలో భద్రపరచి, ఒకదాని వెంట ఒకటి వేగంగా మార్చి చూడాలి. చొక్కాలో తప్ప ఇంకెక్కడ కదలిక కనిపించినా రంగు మార్చే భాగాన్ని వేరుచేసే మాస్క్‌లోనో, క్రాప్‌లోనో లోపముంది. మెడపట్టీ అంచున సన్నని బూడిద గీత, బొత్తాం దారం పాత రంగులో ఉండిపోవడం తరచూ దొరికే తప్పులు. నిండు ఎరుపులో మడతలు మాయమైతే రెడ్ ఛానెల్ గరిష్ఠ విలువ 255కు తగిలి ఆగిపోయిందని అర్థం, అప్పుడు రంగు గాఢతను కొంచెం వదులుకోక తప్పదు. ఇక వేర్వేరు రంగుల పోగులు కలగలిసిన మెలాంజ్ బట్ట ఆ ఆరింటిలో ఉంటే, దాన్నీ తెలుపు, నలుపులతో పాటు తొడిగించే వరుసలోనే పెట్టాలి.