గుణిస్తే వచ్చేది అసలు అవకాశం కాదు

"ఒకే మ్యాచ్‌లో రెండు పందాలు కలిపితే రేట్లు గుణించుకోవాలి, అదే న్యాయమైన రేటు. గెలుపుకీ ఓపెనర్ ఫిఫ్టీకీ సంబంధం ఉంది కాబట్టి ఆ రెండూ కలిపితే మనకే లాభం. యాప్ తక్కువ రేటు చూపిస్తే అది మోసం."

క్రికెట్ పందాలు కాసేవాళ్లు చెప్పే మాటలివి. వీటిలో మొదటిది చూద్దాం. మధురవాడ స్టేడియంలో సరిసమానమైన రెండు జట్లు 100 మ్యాచ్‌లు ఆడాయనుకోండి (అంకెలు నేను అనుకున్నవే). మన జట్టు 50 గెలిచింది, మన ఓపెనర్ 30 మ్యాచ్‌ల్లో ఫిఫ్టీ కొట్టాడు. గుణిస్తే రెండూ కలిసి జరిగేది 15 సార్లు. కానీ ఓపెనర్ నిలబడితే స్కోరు పెరుగుతుంది, గెలుపూ దగ్గరవుతుంది. ఆ 30లో 21 గెలిచామనుకుంటే, మిగతా 70లో గెలిచినవి 29 మాత్రమే. కాబట్టి కలిసి జరిగేది 15 కాదు, 21. రేటు అంటే పందెం నెగ్గితే పెట్టిన రూపాయికి తిరిగి వచ్చేది. ఎవరికీ లాభనష్టాలు లేని న్యాయమైన రేటు 100ని 15తో భాగిస్తే వచ్చే 6.67 కాదు, 21తో భాగిస్తే వచ్చే 4.76. రెండు సంఘటనలకూ ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేనప్పుడే గుణకారం చెల్లుతుంది.

ఇక లాభం. విడిగా గెలుపుకి 1.90, ఫిఫ్టీకి 3.10 ఇస్తున్నారనుకుందాం. గుణిస్తే 5.89. నిజంగా ఆ రేటే ఇస్తే పందెం కాసేవాడు బాగుపడేవాడే. ఈ సంగతి అందరికంటే ముందు తెలిసేది రేట్లు వేసేవాళ్లకే. అందుకే ఒకప్పుడు చాలాచోట్ల ఇలాంటి జతలను అసలు ఒప్పుకునేవారు కాదు. ఇప్పుడు ఒప్పుకుంటారు, కానీ సంబంధాన్ని లెక్కలో కలిపి రేటు తగ్గిస్తారు. ఈ జతకి 4 ఇచ్చారనుకోండి. ప్రతి మ్యాచ్‌కీ 100 చొప్పున 10,000 పెడితే, 21 సార్లు 400 వస్తుంది, అంటే 8,400. వందకి 16 పోయినట్టు. అదే విడివిడిగా కాస్తే గెలుపు పందెంలో వందకి 5, ఫిఫ్టీలో 7 పోతాయి. (ఆంధ్రాలో ఆన్‌లైన్ పందాలను 2020లోనే నిషేధించారు, అది వేరే తలనొప్పి.)

మరి మోసమా? 5.89 నుంచి 4.76కి దించడం మోసం కాదు, అది లెక్క. 4.76 నుంచి 4కి దించిందే వాళ్ల కమీషన్. చిక్కేమిటంటే తెర మీద 4 ఒక్కటే కనిపిస్తుంది. ఎంత లెక్కకి పోయింది, ఎంత కమీషన్‌కి పోయింది అనేది బయటివాడికి తెలియదు. పైగా ఆ 21 కూడా స్థిరమైనది కాదు. మన జట్టు చిన్న లక్ష్యాన్ని ఛేజ్ చేస్తుంటే ఓపెనర్ ఫిఫ్టీ కొట్టకుండానే మ్యాచ్ అయిపోవచ్చు.

ఒక పరీక్ష ఉంది. జతను తిరగేసి, మన జట్టు గెలుపుతో అవతలి ఓపెనర్ ఫిఫ్టీని కలిపి రేటు చూడండి. అతనూ 30 సార్లు ఫిఫ్టీ కొట్టి, వాటిలో 21 వాళ్లే గెలిస్తే మనకి మిగిలేది 9. న్యాయమైన రేటు 11.11. అక్కడ కూడా గుణించిన 5.89 మాత్రమే చూపిస్తే, 10,000కి తిరిగి వచ్చేది 5,301. మోసం అనే మాట వాడాలనుకుంటే అక్కడ వాడండి.